గుంజకు కట్టిన కరెన్సీ, పలుపు పొడవు పెంచిన రూపాయి

నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చిందంటే అందరూ ముందు అడిగేది కౌంట్ రేటు. కిలోకి 30 రొయ్యలు తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. రొయ్య ఎంత పెద్దదైతే ధర అంత ఎక్కువ. రేటు రూపాయల్లోనే చెబుతారు, డబ్బూ రూపాయల్లోనే ఇస్తారు. అయితే ఆ సరుకులో ఎక్కువ భాగం సముద్రం దాటి వెళ్లేదే. ప్రాసెసింగ్ ప్లాంటువాళ్లు బయటి దేశానికి బిల్లు వేసేది డాలర్లలో. అంటే చెరువు గట్టు మీద వినిపించే ప్రతి రేటులోనూ పైకి కనపడని ఒక గుణకారం ఉంటుంది: డాలరు ధర ఇంత, డాలరుకు రూపాయలు ఇన్ని.

ఇదే వనామీ రొయ్యను పెంచే రైతు భూగోళానికి అవతలి వైపున ఇంకొకడున్నాడు. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశస్థుడు. వనామీకి పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరమే. మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. ఈ ఇద్దరు రైతులూ ఒకే బజారులో పోటీపడతారు, కానీ ఈక్వడార్ రైతు లెక్కలో ఆ గుణకారం ఉండదు. అతని దేశానికి సొంత కరెన్సీయే లేదు. రొయ్య అమ్మినా, కూలి ఇచ్చినా, ఊళ్లో టీ తాగినా అమెరికా డాలరే.

ఒక దేశం తన నాణేన్ని గాలికి వదిలేస్తుంది, ఇంకొకటి వేరే దేశపు నాణేనికి కట్టేస్తుంది, మూడోది సొంత నాణేన్నే వదులుకుంటుంది. ఎందుకు? ఏది మేలు? ఆర్థికవేత్తలు వందేళ్లుగా వాదించుకుంటున్న ఈ ప్రశ్నను రొయ్యల చెరువు గట్టు మీద నుంచి చూస్తే చాలా సంగతులు విడిపోతాయి.

రెండు పద్ధతులూ పనిచేసే తీరు

తేలే మారకపు రేటులో డాలరు ధర కూరగాయల ధరలాగే నడుస్తుంది. డాలర్లు అమ్మేవాళ్లు ఎక్కువైతే దిగుతుంది, కొనేవాళ్లు ఎక్కువైతే పెరుగుతుంది. స్థిర రేటులో ప్రభుత్వమో, కేంద్ర బ్యాంకో ఒక అంకె ప్రకటించి, ఆ ధరకు ఎవరడిగినా డాలర్లు ఇస్తాం, ఎవరు తెచ్చినా కొంటాం అంటుంది. పశువును గుంజకు కట్టినట్టు సొంత కరెన్సీని డాలరుకో, యూరోకో కట్టడం ఇది.

కట్టినంత మాత్రాన పశువు నిలబడదు, పలుపు గట్టిగా ఉండాలి. ఇక్కడ పలుపు అంటే విదేశీ మారక నిల్వలు. డాలర్లకు గిరాకీ పెరిగితే కేంద్ర బ్యాంకు తన నిల్వలోంచి తీసి అమ్మాలి. అలా అమ్మినప్పుడు బదులుగా సొంత కరెన్సీ బ్యాంకులోకి వచ్చేస్తుంది, ఊళ్లో డబ్బు తగ్గుతుంది, వడ్డీలు పెరుగుతాయి. గిరాకీ ఆగకపోతే నిల్వ కరుగుతుంది. ముడిని కాపాడాలంటే డాలర్లు అమ్మాలి, లేదా వడ్డీలు పెంచాలి, లేదా డబ్బు దేశం దాటకుండా గేట్లు వేయాలి. నాలుగో దారి లేదు.

స్థిరమైన రేటు, స్వేచ్ఛగా వచ్చిపోయే పెట్టుబడి, సొంత వడ్డీ విధానం మూడూ ఒకేసారి దక్కవని ఆర్థికశాస్త్రం చెప్పేది ఇందుకే. గల్ఫ్ దేశాలను చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీలు పెంచుతూ పోతే యూఏఈ కేంద్ర బ్యాంకు కూడా వెంటవెంటనే పెంచుతూ వచ్చింది. దుబాయ్‌లో ధరలు ఎలా ఉన్నాయన్నది దాదాపు పక్కకు పోయింది. పెంచకపోతే డబ్బు దిర్హామ్ వదిలి డాలరులోకి వెళ్తుంది, ముడి మీద బరువు పడుతుంది.

మన రూపాయీ కట్టి ఉంచినదే

నేటి చిన్నవాళ్లకు రూపాయి రోజూ కదలడమే తెలుసు. అది తన జీవితంలో ఎక్కువ కాలం గుంజకు కట్టే ఉంది. 1927 నుంచి రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల రేటు చట్టబద్ధమైంది, అంటే పౌనుకు సుమారు 13 రూపాయల 33 పైసలు. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ ముడి కొనసాగింది. 1966 జూన్ 6న ప్రభుత్వం డాలరు ధరను 4.76 రూపాయల నుంచి ఒక్క దెబ్బకు 7.50కి మార్చింది. స్థిర రేటు స్వభావమే అంత: ఏళ్లతరబడి కదలదు, కదిలిందంటే ఒక్క రాత్రిలో.

ఆ రాత్రి దెబ్బ అరేబియా ఇసుకలోనూ తగిలింది. దుబాయ్, ఖతార్‌లలో అప్పటికి చెల్లుతున్నది మన రిజర్వు బ్యాంకు 1959లో ఆ ప్రాంతం కోసం విడిగా అచ్చువేసిన గల్ఫ్ రూపాయే. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం వల్ల తమ చేతిలోని నోటు విలువ తమ ప్రమేయం లేకుండానే మూడో వంతుకు పైగా పడిపోవడంతో ఆ రెండూ రూపాయిని వదిలి సొంత కరెన్సీ దారి పట్టాయి. ఇప్పుడు మనవాళ్లు పనికి వెళ్లే చాలా గల్ఫ్ దేశాల కరెన్సీలు డాలరుకు కట్టి ఉన్నాయి. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75, యూఏఈ దిర్హామ్ 1997 నుంచి 3.6725. ఒకప్పుడు మన గుంజకు కట్టుకున్నవాళ్లు, ఆ గుంజ కదిలితే ఏమవుతుందో చూసి, ఇంకా గట్టిదాన్ని వెతుక్కున్నారు.

1975లో రూపాయిని పౌను నుంచి విప్పి కొన్ని కరెన్సీల బుట్టకు కట్టారు. 1991 వేసవికి ఆ పలుపు తెగేదాకా వచ్చింది. డాలరు నిల్వలు కొన్ని వారాల దిగుమతులకే సరిపోయే స్థితిలో 47 టన్నుల బంగారం కుదువకు విదేశాలకు వెళ్లింది. పి.వి.నరసింహారావు ప్రధానిగా పదవి చేపట్టి రెండు వారాలు తిరక్కముందే, జులై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. సుమారు 21 రూపాయలున్న డాలరు దాదాపు 26కి చేరింది. 1992 మార్చి నుంచి ఏడాదిపాటు ఎగుమతిదారుల డాలర్లలో ఒక భాగానికి సర్కారు రేటు, మిగతాదానికి బజారు రేటు అన్న జంట పద్ధతి నడిచింది. 1993 మార్చిలో రెండూ కలిశాయి. అప్పుడు డాలరు 31 రూపాయల పైచిలుకు. గుంజ నుంచి రూపాయిని విప్పింది అప్పుడే.

ఎందుకు కట్టుకుంటారు?

కట్టుకునే దేశాలన్నిటికీ కారణం ఒకటే కాదు. గల్ఫ్ దేశాలది ఆదాయం లెక్క. చమురు అమ్మేది డాలర్లలో, ఖజానాకు వచ్చేది డాలర్లు. రియాల్ రోజూ ఊగితే బడ్జెట్ కూడా ఊగుతుంది. పైగా అక్కడ నిల్వలకు కొదవ లేదు.

నేపాల్‌ది పొరుగు లెక్క. దాని వ్యాపారంలో పెద్ద వాటా భారత్‌తోనే, సరిహద్దు తెరిచే ఉంది. 1993 ఫిబ్రవరి నుంచి మన ఒక రూపాయికి వాళ్ల 1.60 రూపాయలు, అంకె మారలేదు. ఇలాంటి ఏర్పాటు తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత రూపాయి ఉండేది, బ్రిటిష్ ఇండియా రూపాయికి కల్దార్ అని పేరు. 7 హాలీలకు 6 కల్దార్లు అన్నది వాడుకలో స్థిరపడిన లెక్క. మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లావాళ్లది కల్దార్, కృష్ణకు అవతల నల్లగొండ వైపు హాలీ. సొంత నాణెం ఉండాలన్న రాజు పరువు, పక్కవాడితో బేరం సాగాలన్న వర్తకుడి అవసరం, రెండూ ఆ లెక్కలో సర్దుకున్నాయి.

ఈక్వడార్‌ది నమ్మకం పోయిన లెక్క. 1999లో ఆ దేశంలో బ్యాంకులు కూలాయి, మార్చిలో ప్రభుత్వం జనం డిపాజిట్లను స్తంభింపజేసింది. ఆ ఏడాది మొదట్లో డాలరుకు సుమారు 7,000 ఉన్న సుక్రే, ఏడాది తిరిగేసరికి 20,000 దాటింది. అదే కాలంలో రొయ్యల చెరువులకు తెల్లమచ్చ వ్యాధి సోకింది. మన తీరంలో 1994-95లో టైగర్ రొయ్య సాగును ముంచిన జబ్బే అది. 2000 జనవరి 9న అధ్యక్షుడు హమీల్ మవాద్ 25,000 సుక్రేలకు ఒక డాలరు చొప్పున దేశమంతా డాలరుకు మారుతుందని ప్రకటించాడు. రెండు వారాలలోపే ఆయన పదవి పోయింది, నిర్ణయం మాత్రం నిలిచింది. ఆ సెప్టెంబరుకల్లా సుక్రే చరిత్రలో కలిసింది. నోట్లు అచ్చు వేయగల ప్రభుత్వాన్ని జనం నమ్మని చోట, అచ్చు వేసే యంత్రాన్నే తీసేయడం ఈ మందు. చేదు మందే, కానీ ఐదేళ్లలోపు ధరల పెరుగుదల ఒకటి రెండు శాతాల మేరకు దిగివచ్చింది.

ముడి తెగితే: థాయ్‌లాండ్ కథ

ముడి ఎలా తెగుతుందో తెలుసుకోవాలంటే రొయ్యల వ్యాపారంలో ఒకప్పటి రారాజు థాయ్‌లాండ్‌ను చూడాలి. 1990లలో అక్కడ డాలరుకు సుమారు 25 బాట్లు. ఏళ్లపాటు అది కదలకపోవడంతో ఇకపైనా కదలదని అందరూ అనుకున్నారు. బ్యాంకాక్‌లో అప్పు తీసుకుంటే వడ్డీ ఎక్కువ, డాలర్లలో తీసుకుంటే తక్కువ. రేటు కదలనప్పుడు డాలరు అప్పే లాభం కదా? కంపెనీలు అదే చేశాయి. ఆ డబ్బుతో స్థలాలు కొన్నాయి, భవనాలు లేపాయి.

1996లో ఎగుమతుల పెరుగుదల ఆగిపోయింది, స్థలాల ధరలు దిగాయి. 1997 ఫిబ్రవరిలోనూ, మళ్లీ మే నెలలోనూ సట్టా వ్యాపారులు బాట్‌ను పెద్ద ఎత్తున అమ్మారు. కేంద్ర బ్యాంకు రేటును నిలబెట్టింది. ఎలా నిలబెట్టిందన్నదే అసలు కిటుకు. చేతిలోని డాలర్లను అప్పటికప్పుడు అమ్మి నిల్వ తగ్గినట్టు చూపడానికి బదులు, మున్ముందు డాలర్లు ఇస్తామని ఒప్పందాలు రాసిచ్చింది. పుస్తకాల్లో 30 బిలియన్ డాలర్లకు పైగా కనిపిస్తోంది. అందులో 23 బిలియన్లకు పైగా అప్పటికే వేరేవాళ్లకు మాటిచ్చేసినవి. బీరువాలో నగలున్నా, వాటిమీద తాకట్టు చీటీలున్నట్టు.

1997 జులై 2న బాట్‌ను వదిలేశారు. 1998 జనవరికి డాలరు 50 బాట్లు దాటింది. ఒక కంపెనీ పది లక్షల డాలర్లు అప్పు చేసిందనుకుందాం. తీసుకున్ననాడు అది రెండున్నర కోట్ల బాట్లు. ఆర్నెల్లు తిరిగేసరికి అదే అప్పు ఐదు కోట్లు, వడ్డీ కాక. స్థలాల కంపెనీలు, ఫైనాన్స్ సంస్థలు వరసగా మూతపడ్డాయి. డాలర్లలో అమ్ముకునే రొయ్యల ఎగుమతిదారు చేతికి మాత్రం అంతకుముందు కన్నా రెట్టింపు బాట్లు వచ్చాయి. ఒకే రేటు, ఒకే దేశం. డాలర్లలో బాకీ ఉన్నవాడు మునిగాడు, డాలర్లలో రాబడి ఉన్నవాడు తేలాడు.

ముడి తెగబోతోందని ముందే చెప్పే గుర్తులు ఈ కథలోనే ఉన్నాయి: పక్కదేశాలకన్నా ధరలు పెరిగి ఎగుమతులు మందగించడం, కంపెనీలకు పొట్టి గడువు డాలరు అప్పులు పేరుకోవడం, ప్రకటించిన నిల్వకూ నిజంగా వాడుకోగల నిల్వకూ దూరం పెరగడం. మూడోది బయటివాళ్లకు కనపడటం కష్టం. థాయ్‌లాండ్‌లో అది బయటపడింది ముడి తెగిన తర్వాతే.

1997 ఆగస్టు 15న గోవాలో జరిగిన సమావేశంలో, అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు, కడప జిల్లావాసి వై.వి.రెడ్డి రూపాయి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ విలువలో ఉందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. బజారు ఆ మాట పట్టుకుంది, రూపాయి జారింది. విమర్శలూ వచ్చాయి. కాని పొంగు కొంచెం కొంచెంగా దిగడం వల్ల బ్యాంకాక్‌లో జరిగినట్టు ఒక్కసారిగా మూత ఎగిరిపోలేదు.

తేలుతున్నా పలుపు ఉంది

అలాగని రూపాయి పూర్తిగా విడిచిన పశువు కాదు, పలుపు పొడవుగా వదిలిన పశువు. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు తన డబ్బు పంపిణీ తగ్గిస్తానని సూచించగానే విదేశీ పెట్టుబడి వెనక్కి పరుగెత్తింది. మే నెలలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. అప్పుడు గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. పొట్టి గడువు వడ్డీలు పెంచారు, చమురు కంపెనీలకు డాలర్లు విడిగా ఇచ్చే కిటికీ తెరిచారు. సెప్టెంబరులో రఘురామ్ రాజన్ వచ్చాక, ప్రవాసులు డాలర్లలో వేసే డిపాజిట్లకు మారకపు నష్టాన్ని రిజర్వు బ్యాంకు మోసే పథకం పెట్టారు. దానితోనూ బ్యాంకుల విదేశీ అప్పులతోనూ కలిపి 34 బిలియన్ డాలర్లు వచ్చాయి.

2023 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్య నిధి ఇంకో అడుగు వేసింది. 2022 చివరి నుంచి దాదాపు ఏడాదిపాటు రూపాయి ఎంత తక్కువగా కదిలిందంటే, దాన్ని తేలే కరెన్సీల జాబితాలోంచి తీసి స్థిరీకరించిన ఏర్పాటుగా లెక్కకట్టింది. రిజర్వు బ్యాంకు ఆ మాట ఒప్పుకోలేదు, విపరీతమైన ఊపును తగ్గించడానికే జోక్యం చేసుకుంటున్నామంది. ఆ తర్వాత పలుపు వదులైంది. 83 దగ్గర చాలాకాలం నిలిచిన డాలరు 2025 చివర 90 దాటింది.

ఈ కదలిక తెనాలి, బాపట్ల ఇళ్లలో రెండు రకాలుగా వినిపిస్తుంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపే వెయ్యి డాలర్లు 83 వేల నుంచి 90 వేలయ్యాయి. పక్కింట్లో కూతురు ఇంకా చదువుకుంటోంది. ఏడాది ఫీజు 40 వేల డాలర్లయితే ఆ తండ్రి లెక్క 33 లక్షల 20 వేల నుంచి 36 లక్షలకు పెరిగింది. బ్యాంకు అప్పు మంజూరైంది మాత్రం పాత లెక్క మీద.

మరి రొయ్య రైతుకు? కిలో రొయ్యను 7 డాలర్లకు అమ్మితే ఎగుమతిదారుకు 83 దగ్గర 581 రూపాయలు, 90 దగ్గర 630. తేడా 49 రూపాయలు. అది మొత్తం చెరువు గట్టుకు రాదు. డాలరు పెరిగిన సంగతి న్యూయార్క్ కొనుగోలుదారుకూ తెలుసు, ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు మూడు నెలల ముందే బ్యాంకుతో ఒక రేటు ఖాయం చేసుకుని ఉంటే కొత్త రేటు అతనికే రాదు. హేచరీలు తల్లి రొయ్యలను తెప్పించుకునేది డాలర్లు పెట్టి, ఏరియేటర్లు నడిపే డీజిల్ వెనక ఉన్నదీ దిగుమతి చమురే. అన్నీ పోగా మిగిలింది కౌంట్ రేటులోకి వస్తుంది.

అయితే ఏది మేలు?

రూపాయి పడితే ఎగుమతికి లాభమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజమైతే, కరెన్సీయే లేని ఈక్వడార్ మన వెనక ఉండాలి. జరిగింది వేరు. ఈక్వడార్ రొయ్యల ఎగుమతులు 2022లో 10 లక్షల టన్నులు దాటాయి. మనవి అటూ ఇటూగా 7 లక్షల టన్నులు. వాళ్లది పెద్ద కమతాలు, చెరువులో పలుచగా వేసే పిల్లలు, యంత్రాలతో మేత. వాళ్లు గెలిచింది సాగులో.

డాలరు వాళ్లకు ఊరికే రాలేదు కూడా. 2014 తర్వాత చమురు ధర పడినప్పుడు పొరుగున ఉన్న కొలంబియా తన పెసో విలువను పడనిచ్చి సర్దుకుంది. ఈక్వడార్‌కు పడనిచ్చేందుకు కరెన్సీ లేదు. 2015 మార్చిలో దిగుమతుల మీద 45 శాతం దాకా అదనపు సుంకాలు వేసుకోవాల్సి వచ్చింది, ప్రభుత్వ ఖర్చు కోసుకోవాల్సి వచ్చింది. రేటు కదలకపోతే కుదుపు ఉద్యోగాలకో, జీతాలకో, పన్నులకో తగులుతుంది. రేటు కదిలితే అది ఫీజు కట్టే తండ్రికి, పెట్రోలు పోయించుకునేవాడికి కొంచెం కొంచెంగా తగులుతుంది.

కాబట్టి చిన్న దేశమై, ఒకే పెద్ద పొరుగుతో వ్యాపారం ఉంటే నేపాల్‌లా కట్టుకోవడం సబబు. ఒకే సరుకు డాలర్లలో అమ్ముతూ నిల్వలు పుష్కలంగా ఉంటే గల్ఫ్‌లా కట్టుకోవచ్చు. ప్రభుత్వం మీద నమ్మకం పూర్తిగా చచ్చిపోతే ఈక్వడార్ దారి చివరి మందు. భారత్ ఈ మూడింటిలో ఏదీ కాదు. ఎన్నో దేశాలతో వ్యాపారం, రకరకాల సరుకులు, సొంత వానలు, సొంత ధరలు. అమెరికా కోసం నిర్ణయించిన వడ్డీ కృష్ణా డెల్టాకు సరిపోవాలన్న నియమమేమీ లేదు. పలుపు పొడవుగా ఉంచి, గుంజ పీక్కుపోయే ఊపు వచ్చినప్పుడు మాత్రమే పట్టుకునే నేటి పద్ధతే మనకు తగినది. ఒక అంకెను కాపాడటం పరువు ప్రశ్నగా మారితే మాత్రం 1991, 1997 రెండూ గుర్తు చేసుకోవాలి.

డాలరు అప్పున్నవాళ్లు, పిల్లల ఫీజు కట్టాల్సినవాళ్లు, రొయ్య ఎగుమతి చేసేవాళ్లు రోజువారీ రేటుతో పాటు ఇంకో అంకె మీద కన్నేసి ఉంచడం మంచిది. విదేశీ మారక నిల్వలు వారం వారం ఎంతున్నాయో రిజర్వు బ్యాంకు ప్రతి శుక్రవారం ప్రకటిస్తుంది. మున్ముందు ఇస్తామని మాటిచ్చిన డాలర్లెన్నో నెలనెలా వచ్చే బులెటిన్‌లో ఉంటుంది. థాయ్ జనానికి 1997లో దొరకని లెక్క అది.